ఇరవై ముప్పై ఏళ్ళకే ఎల్‌డీఎల్ 190 దాటితే: దక్షిణ తెలంగాణ వైద్యాధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ పల్లె దవాఖానల్లోనూ పనిచేస్తున్న వైద్యులకు,

నమస్కారం. నేను మిర్యాలగూడలో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. ముప్పై, ముప్పై అయిదేళ్ళకే గుండెపోటుతో వస్తున్నవారిలో కొందరికి ఆ జబ్బు బీడీల వల్లో, నూనె వంటల వల్లో వచ్చినది కాదు. అది తల్లి నుంచో తండ్రి నుంచో పుట్టుకతో వచ్చినది. ఒక్క రక్తపరీక్షతో, మడమ మీద వేలు పెట్టి చూసే ఒక నిమిషం పరీక్షతో దాన్ని పదేళ్ళ ముందే అనుమానించవచ్చు. అయినా మన దగ్గర అది గుర్తింపు లేకుండానే పోతోంది. ఎక్కడ జారిపోతోందో, మేనరికాలు ఎక్కువగా జరిగే మన ప్రాంతంలో అలా జారిపోతే జరిగే నష్టం ఎంతటిదో మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెబుతున్నది ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరాలీమియా గురించి. డాక్టర్లం దాన్ని ఎఫ్‌హెచ్ అంటాం. రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను కాలేయం తనలోకి లాక్కోవడానికి కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి. వాటిని కనుగొన్నందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపంతో వస్తే రిసెప్టర్లలో సుమారు సగమే సరిగ్గా పనిచేస్తాయి, ఎల్‌డీఎల్ పుట్టినప్పటి నుంచే మామూలుకు రెట్టింపు దగ్గర నిలిచిపోతుంది. ఇరవై అయిదేళ్ళ యువకుడిలో కనిపించే 240 ఎల్‌డీఎల్ ఆ ఏడాది పెరిగినది కాదు, అతని ధమనులు ఇరవై అయిదేళ్ళుగా మోస్తున్నది. చికిత్స లేకపోతే ఈ లోపం ఉన్న మగవారిలో సుమారు సగం మందికి యాభై ఏళ్ళలోపు, ఆడవారిలో దాదాపు మూడో వంతు మందికి అరవై ఏళ్ళలోపు గుండె రక్తనాళాల జబ్బు బయటపడుతుంది. ప్రపంచవ్యాప్త లెక్కల ప్రకారం సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది కనుక, మన ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలోనూ ఇటువంటివారు పదుల సంఖ్యలో ఉండి ఉంటారు.

ఒక కుటుంబం గురించి వివరంగా చెబుతాను. వారి అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. కల్వకుర్తి ప్రాంతానికి చెందిన 31 ఏళ్ళ టిప్పర్ డ్రైవర్‌కు తెల్లవారుజామున ఛాతీలో మంట మొదలైంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ మాత్ర వేసుకున్నాడు. మధ్యాహ్నానికి చెమటలు పట్టి పడిపోతే హైదరాబాద్‌కు తీసుకుపోయారు, స్టెంట్ వేసి ప్రాణం నిలబెట్టారు. ఆ వైద్యంలో నాకు తప్పేమీ కనిపించలేదు. అయితే డిశ్చార్జి కాగితంలో కారణాల దగ్గర పొగతాగడం అని మాత్రమే ఉంది. లిపిడ్ ప్రొఫైల్‌లో ఎల్‌డీఎల్ 168 ఉంది కనుక ఎవరూ దాని దగ్గర ఆగలేదు. మన ప్రాంతంలో 168 ఉన్నవారు ఎంతోమంది ఉన్నారు, అందులో వింతేమీ లేదు కదా అనిపిస్తుంది.

కానీ ఆ రక్తం తీసింది మూడో రోజున. గుండెపోటు వచ్చిన ఇరవై నాలుగు గంటల తర్వాత ఎల్‌డీఎల్ తనంతట తానే పడిపోతుంది, అసలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. పైగా చేరిన రోజు నుంచే అతనికి అటార్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు ఇస్తున్నారు. అంత మోతాదు స్టాటిన్ పూర్తి ప్రభావం చూపితే ఎల్‌డీఎల్‌ను దాదాపు సగానికి తగ్గిస్తుంది. కాబట్టి 168 అనే అంకె అతని అసలు అంకె కాదు. చేరిన మొదటి రోజే రక్తం తీస్తే ఈ చిక్కు ఉండదు. తీయనప్పుడు పాత రిపోర్టు కోసం వెతకాలి. ఇతనికి పాత రిపోర్టు దొరికింది. 26 ఏళ్ళ వయసులో ఒక కంపెనీలో డ్రైవర్‌గా చేరేటప్పుడు చేయించిన పరీక్షలో మొత్తం కొలెస్టరాల్ 318, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 140 అని ఉంది. ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు 28. 318 లోంచి 40, 28 తీసేస్తే ఎల్‌డీఎల్ 250. ఆ కాగితం మీద ల్యాబ్ వాళ్ళు మొత్తం కొలెస్టరాల్ అంకె పక్కన ఎక్కువ అన్న గుర్తు పెట్టారు. కానీ 205 ఉన్నా 318 ఉన్నా ఆ గుర్తు ఒకటే. కంపెనీ డాక్టరు నూనె తగ్గించమని చెప్పి పంపారు, అతను నిజంగానే తగ్గించాడు కూడా.

ఈ రిపోర్టులో మనం చూడవలసిన పోలిక ఒకటుంది. మన ప్రాంతంలో సాధారణంగా కనిపించే లిపిడ్ లోపంలో ట్రైగ్లిజరైడ్లు 250, 300 ఉంటాయి, హెచ్‌డీఎల్ తక్కువగా ఉంటుంది, ఎల్‌డీఎల్ కొంచెమే పెరుగుతుంది. పొట్ట, షుగర్, మద్యం దాని వెనుక ఉంటాయి. ఎఫ్‌హెచ్‌లో అలా కాదు, ట్రైగ్లిజరైడ్లు చాలావరకు మామూలుగానే ఉండి ఎల్‌డీఎల్ ఒక్కటే విపరీతంగా పెరుగుతుంది. మనిషి సన్నగా, రోజంతా కాయకష్టం చేసేవాడై ఉండవచ్చు, మాంసం ముట్టనివాడూ అయి ఉండవచ్చు. ఆహార నియమంతో ఎల్‌డీఎల్ మహా అయితే పది పదిహేను శాతం తగ్గుతుంది, 250 ఉన్నవాడికి అది ఏ మూలకూ చాలదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం పై లెక్క పనికిరాదు, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష రాయాలి.

పెద్దవారిలో ఎల్‌డీఎల్ 190 గానీ అంతకు మించి గానీ ఉంటే వారసత్వం గురించి ఆలోచించాలి. అయితే అంతకు ముందు ఇతర కారణాలను పక్కన పెట్టుకోవాలి. థైరాయిడ్ బాగా తగ్గినవారిలో ఎల్‌డీఎల్ ఇంత పెరగడం అరుదేమీ కాదు, కనుక టీఎస్‌హెచ్ తప్పనిసరి. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో, పైత్యనాళం అడ్డుపడిన కామెర్లు ఉన్నాయేమో చూడాలి. స్టెరాయిడ్లు వాడుతున్నారేమో అడగాలి. గర్భిణుల్లో కొలెస్టరాల్ సహజంగానే పెరుగుతుంది కనుక వారి అంకెను బట్టి నిర్ణయానికి రాకూడదు. ఇవేవీ లేకుండా రెండోసారి చేసిన పరీక్షలోనూ అదే అంకె వస్తే ఎఫ్‌హెచ్ అనుమానం గట్టిపడుతుంది.

ఇక మడమ సంగతి. ఈ పరీక్షను ఎవరూ చేయకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దానికి పరికరం అక్కర్లేదు, ఖర్చూ లేదు. రోగిని కుర్చీ మీద మోకాళ్ళు పెట్టి, పాదాలు బయటికి వేలాడేలా వెనక్కి తిరిగి నిలబడమనాలి. మడమ నుంచి పైకి వెళ్ళే, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టే ఎకిలిస్ స్నాయువును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పై నుంచి కిందికి జరపాలి. మామూలు స్నాయువు పలుచగా, రెండు అంచులూ స్పష్టంగా తెలిసేలా ఉంటుంది. కొలెస్టరాల్ పేరుకున్న స్నాయువు లావుగా, అంచులు తెలియకుండా, అక్కడక్కడ గడ్డలు కట్టినట్టు తగులుతుంది. ఆ గడ్డలు స్నాయువులోనే ఉంటాయి, పైచర్మం వాటి మీద విడిగా జారుతుంది. అరచేతి వెనుక వైపు వేళ్ళకు వెళ్ళే స్నాయువుల మీద కూడా ఇటువంటివే ఉండవచ్చు, వేళ్ళు ముడిచి తెరిచినప్పుడు అవి స్నాయువుతో పాటు కదులుతాయి.

మన జిల్లాల విషయంలో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవారిలో స్నాయువులు, లిగమెంట్లు ఎముకకు అతుక్కునే చోట సున్నం పేరుకుంటుంది. అది ఎముకలా గట్టిగా ఉంటుంది, ఎక్స్‌రేలో కనిపిస్తుంది, దానితో పాటు నడుము, మెడ బిగుసుకుపోవడం కూడా ఉంటుంది. ఎఫ్‌హెచ్‌లో స్నాయువు పొడవునా మందం పెరుగుతుంది, ఎముకంత గట్టిగా ఉండదు. తేడా తెలియనప్పుడు మడమకు పక్కవైపు నుంచి తీసిన ఎక్స్‌రే సాయపడుతుంది.

కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం నలభై అయిదేళ్ళలోపు కనిపిస్తే దానికీ విలువ ఉంది. అరవై ఏళ్ళవారిలో అదే వలయానికి విలువ లేదు. కనురెప్పల మీది పసుపు మచ్చలు కొలెస్టరాల్ మామూలుగా ఉన్నవారిలో కూడా వస్తాయి కనుక వాటిని చూసి ఎఫ్‌హెచ్ అని తేల్చలేం. మరో మాట. ఎఫ్‌హెచ్ ఉన్న యువతలో చాలామందికి ఈ గుర్తులేవీ కనిపించవు. మడమ మామూలుగా ఉందని జబ్బు లేదనుకోవడం ప్రమాదకరం. గుర్తు ఉంటే నిర్ధారణకు బలం, లేకపోతే అంకెనూ కుటుంబాన్నీ బట్టి ముందుకు పోవాలి.

డచ్ లిపిడ్ క్లినిక్ స్కోరు అనే పద్ధతి ఈ ఆధారాలన్నిటికీ మార్కులు వేస్తుంది. మన డ్రైవర్ విషయంలో అది ఎలా మారిందో చూడండి. ఎల్‌డీఎల్ 168 అనుకుంటే ఒక మార్కు, యాభై అయిదేళ్ళలోపు మగమనిషికి గుండెపోటు వచ్చినందుకు రెండు, తండ్రికీ ఆ వయసులోపే వచ్చినందుకు ఒకటి, మొత్తం నాలుగు. అంటే ఉండవచ్చు, లేకపోవచ్చు అన్న స్థాయి. పాత రిపోర్టులోని 250ని తీసుకుంటే మొదటి ఒక మార్కు స్థానంలో అయిదు వస్తాయి, మొత్తం ఎనిమిది, బహుశా ఉంది అన్న స్థాయి. ఎకిలిస్ స్నాయువు పట్టుకు చూశాక, అది రెండు కాళ్ళకూ లావుగా తగిలాక మరో ఆరు చేరి పద్నాలుగయ్యాయి. ఎనిమిది దాటితే నిశ్చయంగా ఉన్నట్టే లెక్క. జన్యుపరీక్ష చేయిస్తే మంచిదే, కానీ దాని ఖర్చు అందరూ భరించలేరు. అందులో ఏమీ దొరకకపోయినా జబ్బు లేదని కాదు, కనుక ఆ పరీక్ష కోసం చికిత్సను ఆపి ఉంచనవసరం లేదు.

తండ్రి సంగతి మాకు సులభంగా తెలియలేదు. డ్రైవర్ తల్లిని అడిగితే, "వాళ్ళ ఇంట్ల మగోళ్ళు యాభై ఏండ్లు చూడలె సారూ" అన్నారు. ఏ జబ్బుతో అంటే ఆమెకు తెలియదు. తర్వాత వారం ఆమె ఇనుప పెట్టెలో పట్టా పాసుపుస్తకంతో పాటు దాచిన ఒక ఈసీజీ కాగితాన్ని, ఆస్పత్రి చీటీని తెచ్చి చూపించారు. భర్త 42 ఏళ్ళ వయసులో గుండెపోటుతో చేరి రెండో రోజున చనిపోయినట్టు అందులో ఉంది. ఇరవై ఏళ్ళు ఆ చీటీ ఆ పెట్టెలోనే ఉంది. ఆ రోజున కొడుకు, కూతురు రక్తం పరీక్షించమని దాని మీద ఎవరైనా ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ కుటుంబం కథ వేరుగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఎఫ్‌హెచ్ ఉన్న మనిషి తోబుట్టువుల్లో, పిల్లల్లో ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం సగానికి సగం. డ్రైవర్ చెల్లెలి ఎల్‌డీఎల్ 224 వచ్చింది. ఆమెకు 28 ఏళ్ళు, ఏ బాధా లేదు. మన దగ్గర పరీక్ష అక్కడితో ఆగకూడదు. ఎందుకంటే డ్రైవర్ భార్య అతని మేనత్త కూతురు. లోపం తండ్రి నుంచి వచ్చింది కనుక, తండ్రి చెల్లెలైన మేనత్తకు అది ఉండే అవకాశం రెండింట ఒకటి, ఆమె కూతురికి నాలుగింట ఒకటి. బయటి సంబంధం చేసుకుని ఉంటే భార్యకు ఆ అవకాశం 250లో ఒకటి ఉండేది. మేనమామను చేసుకున్న అమ్మాయి విషయంలోనూ లెక్క ఇదే, మేనమామకు జబ్బు ఉంటే ఆమెకు నాలుగింట ఒకటి. మేము పరీక్షిస్తే మేనత్త ఎల్‌డీఎల్ 238, భార్యది 206 వచ్చాయి. భార్యాభర్తలిద్దరికీ లోపం ఉన్నప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు వైపుల నుంచీ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది.

రెండు వైపుల నుంచీ వచ్చిన పిల్లల పరిస్థితి పూర్తిగా వేరు. వారి ఎల్‌డీఎల్ సాధారణంగా 400 దాటుతుంది. పదేళ్ళు నిండకుండానే మోకాళ్ళ మీద, మోచేతుల మీద, పిరుదుల మీద, వేళ్ళ సందుల్లో పసుపుపచ్చని గడ్డలు లేస్తాయి. తల్లిదండ్రులు వాటిని పులిపిర్లనుకుని చర్మవైద్యుల దగ్గరికి తీసుకుపోతారు. చికిత్స అందకపోతే ఆ పిల్లలకు బృహద్ధమని కవాటం బిగుసుకుపోవడం, బడికి పోయే వయసులోనే గుండెపోటు రావడం జరుగుతాయి. పిల్లల ఒంటి మీద అటువంటి గడ్డలు చూసినప్పుడు వాటిని కోసి తీసేయడానికి ముందు లిపిడ్ ప్రొఫైల్ చేయించవలసిందిగా చర్మవైద్యులను, పిల్లల వైద్యులను కూడా ఈ లేఖ ద్వారా వేడుకుంటున్నాను.

ఈ కుటుంబంలో తొమ్మిదేళ్ళ కూతురికి ఎల్‌డీఎల్ 198, ఆరేళ్ళ కొడుకుకు 88 వచ్చాయి. కూతురికి ఒక వైపు నుంచే లోపం వచ్చింది, కొడుకుకు రాలేదు. తల్లికో తండ్రికో ఎఫ్‌హెచ్ ఉందని తెలిసినప్పుడు పిల్లల్లో 160 దాటితే చాలు, ఉందనే భావించాలి. అటువంటి పిల్లలను అయిదేళ్ళ వయసు నుంచి పరీక్షించవచ్చు. ఎనిమిది, పదేళ్ళ మధ్య తక్కువ మోతాదు స్టాటిన్ మొదలుపెట్టవచ్చు. ఈ అమ్మాయికి పిల్లల వైద్యునితో మాట్లాడి మొదలుపెట్టాం. ఆమె తల్లికి రెండో కాన్పు తర్వాత ఆపరేషన్ అయింది కనుక స్టాటిన్ ఇవ్వడానికి సంకోచించలేదు. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకైతే గర్భం కోసం ప్రయత్నించే ముందే మాత్ర ఆపాలని, పాలిచ్చే కాలం ముగిశాక మళ్ళీ మొదలుపెట్టాలని మొదటి రోజే చెప్పాలి.

డ్రైవర్‌కు అటార్వాస్టాటిన్ 80తో పాటు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపాం. ఎల్‌డీఎల్ 98కి దిగింది. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి 55 కన్నా తక్కువ ఉండాలి కనుక ఇది చాలదు. బెంపెడోయిక్ ఆమ్లం మాత్ర చేర్చాం, ఇంకా కొంత తగ్గింది. అక్కడి నుంచి కిందికి దించే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు కొనే స్థోమత ఈ కుటుంబానికి లేదు. చెల్లెలికి మాత్రం గుండెపోటు రాకముందే మొదలైన చవక మాత్రలతో 224 నుంచి 100 లోపుకు వచ్చింది. ముందుగా పట్టుకోవడానికీ ఆలస్యంగా పట్టుకోవడానికీ ఉన్న తేడా ఈ అన్నాచెల్లెళ్ళ మధ్యే ఉంది. రిపోర్టు మామూలుగా వచ్చిందని మూడు నెలలకు మాత్ర ఆపేసేవారు చాలామంది ఉన్నారు, కొన్నిచోట్ల ఆపమని చెప్పేది మనవాళ్ళే. మాత్ర వల్లనే రిపోర్టు అలా వచ్చింది. ఆపిన కొన్ని వారాలకే అంకె పాత చోటికి చేరుతుంది.

అధికారులను నేను కోరేది మూడు విషయాలు. మొదటిది, ఆశా కార్యకర్తలు ముప్పై దాటినవారి ఇళ్ళకు వెళ్ళి నింపే సీబీఏసీ ఫారంలో కుటుంబంలో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అన్న ప్రశ్న ఇప్పటికే ఉంది. గుండెజబ్బు ఏ వయసులో వచ్చిందన్నది అందులో లేదు. డెబ్బై ఏళ్ళ తాతకు వచ్చిన గుండెపోటుకూ నలభై రెండేళ్ళ తండ్రికి వచ్చిన దానికీ అక్కడ ఒకే జవాబు పడుతుంది. ఫారం మార్చే అధికారం జిల్లాకు లేకపోవచ్చు, కానీ మగవారిలో 55, ఆడవారిలో 60 ఏళ్ళలోపు గుండెపోటో హఠాన్మరణమో జరిగిన ఇళ్ళను విడిగా రాసుకోమని ఆశాలకు చెప్పవచ్చు. ఆ స్క్రీనింగ్‌లో కొలెస్టరాల్ పరీక్ష లేదు. అందరికీ చేయమని నేను అడగడం లేదు. ఆ ఇళ్ళవారికి మాత్రం, ముప్పై నిండకపోయినా సరే, జిల్లా డయాగ్నస్టిక్ హబ్‌కు నమూనా పంపి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. దానికి పరగడుపున రావాలన్న నియమం అక్కర్లేదు, కూలి పోగొట్టుకుని పొద్దున్నే రాలేనివారికి ఇది పెద్ద వెసులుబాటు.

రెండోది, ఆ వయసులోపు గుండెపోటు వచ్చినవారి డిశ్చార్జి కాగితం మీద తోబుట్టువులకు, పిల్లలకు ఎల్‌డీఎల్ పరీక్ష చేయించాలని, మేనరికమైతే భార్యకో భర్తకో కూడా చేయించాలని తెలుగులో రాయించండి. మూడోది, ఒకసారి ఎఫ్‌హెచ్ అని తేలినవారికి స్టాటిన్ మాత్రలు బీపీ, షుగర్ మాత్రల లాగే నెల నెలా ఊళ్ళోనే అందేలా, మధ్యలో స్టాకు ఆగకుండా చూడండి.

వైద్యాధికారుల నెలవారీ సమీక్ష సమావేశానికి పిలిస్తే నల్గొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా వచ్చి మడమ పరీక్ష ఎలా చేయాలో చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. తన కాళ్ళు చూపించడానికి ఆ డ్రైవర్ కూడా ఒప్పుకున్నాడు.

భవదీయుడు,
ఒక జనరల్ ఫిజీషియన్,
మిర్యాలగూడ